ఆకు ఫోటో వచ్చింది, మాట రాలేదు

ప్రశ్న: సార్, నేను పల్నాడు జిల్లాలో ఒక రైతు సేవా కేంద్రంలో గ్రామ వ్యవసాయ సహాయకురాలిగా చేస్తున్నాను. రోజూ వాట్సాప్‌లో 30 దాకా ఫోటోలు వస్తాయి. ఆకులు, కాయలు, మందు డబ్బాలు, ఏవేవో స్క్రీన్‌షాట్లు. ఒక్క మాట కూడా రాయరు. "ఏంటిది?" అని అడిగితే జవాబు ఉండదు, లేదంటే మళ్ళీ అదే ఫోటో పంపుతారు. పోయిన వారం ఒక రైతు అరచేతిలో మిర్చి ఆకు పెట్టి ఫోటో పంపారు. కింది ముడతలా కనిపించింది, నల్లి అనుకుని గంధకం కొట్టమన్నాను. ఆరు రోజులైనా తగ్గలేదని నిన్న ఫోన్ చేసి బాగా కోప్పడ్డారు. ఆ ఫోటో మీకూ పంపుతున్నాను. ఉత్త ఫోటో చూసి జవాబు ఎలా చెప్పాలి? అసలు చెప్పకుండా ఉండటమే మంచిదా?

జవాబు:

అమ్మా, ఆ ఫోటోని పెద్దది చేసి చూశాను. ఆకు బోర్లా ఉంది.

మీరూ ఒకసారి మళ్ళీ తెరిచి చూడండి. మధ్య ఈనె ఉబ్బి, తాడులా పైకి కనిపిస్తోంది. మిరప ఆకు పైవైపున ఈనె అణిగి చిన్న గాడిలా ఉంటుంది, అడుగువైపునే అలా ఉబ్బుతుంది. రంగు చూడండి, పైవైపు ఉండే ముదురు ఆకుపచ్చ నిగనిగ లేదు, పాలిపోయినట్టు ఉంది. అంటే రైతు ఆకుని తిరగేసి, పైవైపు అరచేతికి ఆనేలా పెట్టి ఫోటో తీశారు. అంచులు అరచేతి వైపు వంగి ఉంటే మీకు కింది ముడత అనిపించింది. ఇప్పుడు ఆ ఆకుని మనసులో వెల్లకిలా తిప్పండి. అంచులు పైకి లేచి దోనెలా అవుతుంది. అది పై ముడత. కింది ముడత తెచ్చేది నల్లి, పై ముడత తెచ్చేది తామర పురుగు. కాబట్టి ఇది నల్లి కాదు, తామర పురుగు.

ఇంకో రెండు గుర్తులు కూడా అదే ఫోటోలో ఉన్నాయి. తెల్లనల్లి పడితే ఆకు కాడ మామూలు కంటే పొడుగ్గా సాగుతుంది. ఈ ఆకు కాడ పొట్టిగా, మామూలుగానే ఉంది. ఈనెల పక్కన సన్నటి వెండి మెరుపు గీతలు ఉన్నాయి చూడండి, తామర పురుగు గీకి రసం పీల్చిన చోట అలా వస్తుంది. గంధకం నల్లి మీద పనిచేసే మందు. తామర పురుగుకి అది చాలదు. ఆరు రోజులైనా తగ్గకపోవడానికి కారణం ఇదే.

ఆయన ఆకుని బోర్లా ఎందుకు పెట్టి ఉంటారో ఆలోచించారా? పురుగు ఆకు అడుగున ఉంటుంది, తిప్పి చూడండి అని మీటింగుల్లో మనమే చెప్తాం. ఆయన విన్నారు. తిప్పారు. పురుగు ఉండే వైపే మీకు చూపించారు. ఆయన లెక్క ప్రకారం ఆ ఫోటో మాట లేని ఫోటో కాదు, "మీరు చెప్పినట్టే అడుగున చూశాను, ఇదిగో" అనే పూర్తి వాక్యం. ఆ వాక్యం మనకి వినిపించలేదు, అంతే. నాకు కూడా ఇది ఇలా బోర్లా ఆకు చూసి దెబ్బ తిన్నాకే తెలిసింది. మండలంలో పనిచేసిన రోజుల్లో ఒక ఫోటోకి నల్లి మందు చెప్పి, వారం తర్వాత చేలోకి వెళ్తే పూత నిండా తామర పురుగులు. అప్పటి నుంచి ఏ ఆకు ఫోటో వచ్చినా మొదట ముడత చూడను, ఈనె చూస్తాను. ఏ వైపు నా ముందు ఉందో తేలాకే మిగతాది.

ఇక "ఏంటిది?" అని అడిగితే జవాబెందుకు రాదంటే, ఆ ప్రశ్న ఆయన మిమ్మల్ని అడిగింది. దాన్నే తిరిగి ఆయనకి పంపితే ఏం చెప్తారు? మీకు సరిగ్గా కనపడలేదేమో అనుకుని అదే ఫోటో మళ్ళీ పంపుతారు. ఇందులో ఆయన మొండితనం ఏమీ లేదు. చేలో నిలబడి, చేతికి మందో మట్టో అంటుకుని ఉంటే, ఒక వేలితో ఫోటో నొక్కడమే గొప్ప. తెలుగులో టైప్ చేయడం చాలామందికి చేతకాదు. చదవడం రానివాళ్ళూ ఉంటారు, ఆ సంగతి మనతో చెప్పుకోరు. ఇంకొందరు పొద్దున మనతో ఫోన్‌లో మాట్లాడి ఉంటారు, ఆ మాటకి ఇది కొనసాగింపు అనుకుని ఫోటో పెడతారు. అందుకని ఫోటో రాగానే వేలితో పైకి జరిపి, ఆ రైతుతో వెనక ఏం మాట్లాడుకున్నారో చూడండి. సగం ఫోటోలకి మాట అక్కడే దొరుకుతుంది. పది రోజుల కింద "పూత రాలుతోంది" అని వాయిస్ పెట్టిన మనిషి ఈరోజు కొమ్మ ఫోటో పంపితే, అది ఆకు గురించి కాదు, పూత గురించి.

జవాబు చెప్పకుండా మాత్రం ఉండొద్దు. మీరు పలకకపోతే అదే ఫోటో ఐదు నిమిషాల్లో మందుల షాపుకి వెళ్తుంది. అక్కడ రెండు మూడు రకాలు కలిపి ఇచ్చేస్తారు, ఏదో ఒకటి తగలకపోతుందా అని.

నేను జవాబు మొదలుపెట్టే పద్ధతి చెప్తాను. ముందు నాకు ఏం కనిపిస్తోందో అది చెప్తాను, జబ్బు పేరు చెప్పను. పోయిన వారం మీరు ఆయనకి ఇలా అన్నారనుకోండి: "బాబాయ్ గారూ, ఆకు అంచులు చేతి వైపు ముడుచుకుని ఉన్నాయి, కాడ మామూలుగానే ఉంది. మీరు నాకు చూపించింది ఆకు పైవైపా, అడుగువైపా?" ఒక్క మాటలో "అడుగు" అనేవారు. కథ అక్కడే తేలిపోయేది. మనం చూసింది తప్పయితే దిద్దే అవకాశం ఎదుటివాళ్ళకి ఇచ్చినట్టు అవుతుంది. అదే నేరుగా "నల్లి, గంధకం కొట్టండి" అంటే దిద్దడానికి ఏమీ లేదు, అధికారి చెప్పారు కాబట్టి కొట్టేస్తారు.

అడిగే ప్రశ్న కూడా ఒక్కటే ఉండాలి, ఒక్క మాటలో తేలేదిగా ఉండాలి. ఎన్ని రోజులైంది, ఏ రకం, ఏం కొట్టారు, ఎంత ఎరువేశారు అని ఏడు ప్రశ్నలు ఒకేసారి పెడితే ఒక్కదానికీ జవాబు రాదు. ఆ ఫోటోలో రెండు అనుమానాలు ఉంటే, ఆ రెంటినీ విడదీసే ప్రశ్న ఏదో చూసుకుని అదొక్కటే అడగండి. మిరపలో ముడతకి నేనైతే ప్రశ్న కంటే చిన్న పని చెప్తాను. ఒక తెల్ల కాగితం పట్టుకుని, దాని మీద చిగురునీ రెండు పూలనీ గట్టిగా నాలుగు సార్లు దులపమంటాను. దాన్ని పది సెకన్ల వీడియో తీసి పంపమంటాను. ఒక్క మాట కూడా రాయక్కర్లేదు అని ముందే చెప్తాను, ఆ మాటతో వాళ్ళకి సగం టెన్షన్ పోతుంది. సన్నగా, పొడుగ్గా, గడ్డి రంగులో పరుగెత్తేవి ఉంటే మామూలు తామర పురుగులు. పూలలోంచి నల్లటివి రాలితే నల్ల తామర పురుగు, 2021-22 పంట కాలంలో గుంటూరు, ఖమ్మం వైపు మిరప తోటల్ని ఊడ్చేసింది అదే. దాని బుద్ధే వేరు, ఆకు కంటే పూవులో ఎక్కువ ఉంటుంది. కాబట్టి పూవు ఫోటో లేకుండా ఆకు ఒక్కటే చూసి దాని గురించి ఏమీ చెప్పలేం. కాగితం మీద ఏమీ కదలకపోతే నల్లి అనుమానం మిగులుతుంది, దానికి భూతద్దం కావాలి, ఫోన్ కెమెరాకి అది అందదు. ఇక ఆకులు చిన్నవైపోయి, గిడసబారి, ఈనెలు మందమై, మొక్కే కురచబడిపోతే అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్, బొబ్బర. ఆ మొక్కని ఏ మందూ బాగు చేయదు. ఈ మూడూ ఒకే తోటలో, ఒక్కోసారి ఒకే మొక్క మీద కూడా ఉంటాయి కాబట్టి కాగితం పరీక్ష ఎప్పుడూ దండగ కాదు.

జవాబు వాయిస్‌లో పెట్టండి, అర నిమిషం మించకుండా. రాయలేక ఫోటో పంపిన మనిషికి మనం పేరా రాసి పంపితే ఏం లాభం? మందు పేరూ మోతాదూ మాత్రం రాసి పంపాలి. షాపులో ఫోన్ చూపించడానికి, పక్కవాళ్ళ చేత చదివించుకోవడానికి అది కావాలి. కంపెనీ పేరు కాదు, లోపలి మందు అసలు పేరు, ఎంత శాతమో, లీటరు నీటికి ఎంతో రాయండి. ఒకేసారి ఆరు ఫోటోలు వస్తే, మీరు చెప్తున్నది దేని గురించో ఆ ఫోటోనే పక్కకి జరిపి దాని కిందే జవాబు ఇవ్వండి. దానికంటే బాగా పనిచేసేది ఇంకొకటుంది. వాళ్ళ ఫోటోనే తీసుకుని, వాట్సాప్‌లో పెన్సిల్ గుర్తు నొక్కి, మీరు చూస్తున్న చోట ఎర్ర గీతతో సున్నా చుట్టి తిరిగి పంపండి. "ఈ ఈనె పక్కన చూడండి" అని ఎంత చెప్పినా అర్థం కానిది ఆ సున్నాతో అర్థమవుతుంది. అవతల కూడా నేర్చుకుంటారు. నాకు కొన్నాళ్ళకి రైతులే సున్నా చుట్టి పంపడం మొదలుపెట్టారు. మాట లేకపోయినా, ఆ సున్నా ఉంటే ప్రశ్న ఏంటో తెలిసిపోయేది.

ఫోటో చాలనప్పుడు "ఇంకో ఫోటో పంపండి" అంటే అదే ఆకు ఇంకో కోణంలో వస్తుంది. ఏం కావాలో చెప్పాలి. నేను మూడు అడుగుతాను: గట్టు మీద నిలబడి చేను మొత్తం, తర్వాత ఒక మొక్క పై నుంచి కింద దాకా, చివరికి ఆకు రెండు వైపులూ. ఎండ నేరుగా పడకుండా మీ నీడలో పెట్టి తీయమని చెప్పండి. అరచేతిలో పెడితే కెమెరా చేతి గీతల మీద నిలుస్తుంది, ఆకు మసకబారుతుంది. కింద కాగితం పరిస్తే స్పష్టంగా వస్తుంది. పక్కన రూపాయి బిళ్ళ పెడితే మచ్చ ఎంత సైజో మనకి తెలుస్తుంది. వాట్సాప్ ఫోటోని నొక్కి చిన్నది చేస్తుంది కాబట్టి పెద్దది చేసి చూస్తే గళ్ళు గళ్ళుగా అయిపోతుంది, పంపేటప్పుడు పైన HD అని ఉన్నది నొక్కమనండి.

చేను మొత్తం ఫోటో ఎందుకు అంత ముఖ్యమో పత్తి ఉదాహరణతో చెప్తాను. పత్తి ఆకు సన్నగా, వేళ్ళు వేళ్ళుగా చీలినట్టు, ఈనెలన్నీ దగ్గరికి లాగినట్టు ఒక ఫోటో వచ్చిందనుకోండి. చూడగానే వైరస్ అనేస్తాం. అది చాలాసార్లు 2,4-డి అనే కలుపు మందు దెబ్బ. పత్తి ఆ మందుకి చాలా సున్నితం, గాలికి కొట్టుకొచ్చిన తుంపర చాలు. ఆకు ఒక్కటే చూస్తే అది ఎలా వచ్చిందో తేలదు. చేను ఫోటోలో చూడండి. పక్క చేలో మొక్కజొన్న ఉండి, ఆ గట్టు వైపు సాళ్ళే ఎక్కువ దెబ్బతిని, లోపలికి పోయేకొద్దీ తగ్గుతుంటే పక్క చేలో కొట్టింది గాలికి వచ్చింది. చేనంతా ఒకేలా ఉంటే, లేదా ఒక ట్యాంకు మందు పడినంత మేరే ఉంటే, కలుపు మందు కొట్టిన పంపుని సరిగ్గా కడగకుండా పురుగు మందు కొట్టి ఉంటారు. అప్పుడు అడగాల్సిన ఒక్క ప్రశ్న, "ఈ పంపుతో ఇంతకు ముందు ఏం కొట్టారు?" దీనికి పురుగు మందు కొట్టడం వృథా. తక్కువ దెబ్బయితే కొత్త చిగురు మామూలుగా వస్తుంది, ఆ చిగురు ఫోటో పది రోజులాగి పంపమనండి.

మొక్క మొత్తం ఫోటోది ఇంకో ఉపయోగం. ఆకు పసుపు రంగు తిరిగితే, అది పాత ఆకా కొత్త ఆకా అన్నదే సగం జవాబు. కింది ఆకులు పసుపు రంగుకి తిరుగుతుంటే నత్రజని లోపం వైపు చూస్తాం. చిగురాకులు ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్యలో పాలిపోతుంటే ఇనుము లోపం వైపు చూస్తాం. తెంపి చేతిలో పెట్టిన ఆకు ఎక్కడిదో ఆ ఆకు చెప్పదు.

ఇప్పుడు మీ ఉత్తరంలో మీరు ఒక్క మాటలో దాటేసిన దాని దగ్గరికి వస్తాను. మందు డబ్బా ఫోటో. ఆకు ఫోటోకి రేపు జవాబిచ్చినా నడుస్తుంది. డబ్బా ఫోటోకి నడవదు. మాట లేకుండా వచ్చిన డబ్బా ఫోటోకి కనీసం మూడు అర్థాలు ఉన్నాయి. ఇది కొట్టొచ్చా అని ఒకటి. ఇది కొట్టాను, ఇప్పుడు ఆకులు మాడుతున్నాయి అని ఇంకోటి. ఇది ఎవరో తాగారు, లేదా కొడుతుండగా మీద పడి మనిషికి కళ్ళు తిరుగుతున్నాయి, ఏం చేయాలి అని మూడోది. ఆ మూడోది అరుదు. కానీ అది వచ్చిన రోజు అవతలివాళ్ళు టైప్ చేసే స్థితిలో ఉండరు, వణికే చేతులతో డబ్బా ఫోటో తీసి తెలిసిన నంబరుకి పంపుతారు. అందుకే డబ్బా ఫోటోకి రాతలో జవాబు ఇవ్వొద్దు, వెంటనే ఫోన్ చేయండి. మొదటి మాట ఇది: "ఎవరికైనా ఏమైనా అయిందా? మనుషులంతా బాగున్నారా?" అవును బాగున్నారు అన్నాకే పంట సంగతి. ఎత్తకపోతే ఇంట్లో ఇంకొకరికో పక్కింటికో చేయండి.

ఏదైనా అయిందంటే 108కి చేయించి ఆసుపత్రికి పంపాలి, డబ్బా కూడా వెంట పంపాలి. ఏ మందో డాక్టరుకి దాని మీద ఉన్నదాన్ని బట్టే తెలుస్తుంది, విరుగుడు ఉంటే అది కూడా లేబుల్ మీదో లోపలి కాగితంలోనో రాసి ఉంటుంది. వాంతి చేయించొద్దని గట్టిగా చెప్పండి, ఉప్పునీళ్ళు తాగించడం మన ఊళ్ళలో ఇంకా ఉంది. ఒంటి మీద పడితే బట్టలు తీసేసి సబ్బుతో బాగా కడగాలి. డబ్బా మీద వజ్రం ఆకారపు గుర్తు ఉంటుంది కదా, దాని కింది సగం ఎరుపైతే విషం తీవ్రత అన్నిటికంటే ఎక్కువ, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ కదా ఫర్వాలేదు అని మాత్రం ఎవరితోనూ అనకండి. ఎంత తాగారో మనకి తెలియదు.

ప్రమాదం కాకపోతే అడగాల్సింది ఒక్కటే: "ఇది కొట్టాలా, కొట్టారా?" ఒక్క అక్షరం తేడా, జవాబు మొత్తం మారిపోతుంది. ఫోటోలో మూత సీలు ఉందా, డబ్బాలో మందు ఎంత మేర ఉందో చూసినా కొంత తెలుస్తుంది. తేదీ ఉన్న వైపు కూడా ఫోటో తీయమనండి.

ఫోటో మీద "Forwarded" అని సన్నటి అక్షరాలు ఉంటే చాలాసార్లు అది వాళ్ళ చేను కాదు. ఏదో గ్రూపులో తిరుగుతున్న ఫోటో, "మన దగ్గరికి వస్తుందా" అన్నది వాళ్ళ భయం. దానికి మందు చెప్పకండి. మీ తోటలో ఇలా ఉందా అని అడిగి, లేదంటే అక్కడితో ఆపండి. ఫార్వర్డ్ ఫోటోకి మందు పేరు రాస్తే, మీ పేరుతో ఆ మందు సాయంత్రానికి నాలుగు ఊళ్ళు తిరుగుతుంది.

స్క్రీన్‌షాట్ల విషయంలో ఒకటి గట్టిగా చెప్పాలి. పీఎం కిసాన్ డబ్బుల పేరుతో వచ్చిన మెసేజ్ స్క్రీన్‌షాట్ పంపితే, మొదట పేరు చూడకండి, దాని చివర చూడండి. ఫైల్ పేరు చివర .apk అని ఉంటే అది మోసం, ప్రభుత్వం వాట్సాప్‌లో అలా యాప్ పంపదు. అప్పుడు కూడా అడిగే ప్రశ్న డబ్బా ప్రశ్న లాంటిదే: "నొక్కారా, ఇంకా నొక్కలేదా?" నొక్కకపోతే తీసేయమంటే చాలు. నొక్కి ఇన్‌స్టాల్ చేసి ఉంటే ఆ ఫోన్‌లో డేటా ఆపేయమని, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి చేయమని, డబ్బు పోయి ఉంటే 1930కి వెంటనే చేయమని చెప్పండి. ఈ జవాబు కూడా ఫోన్‌లోనే చెప్పండి, ఆ ఫోన్‌కి వచ్చే మెసేజ్‌లు ఇంకెవరైనా చదువుతూ ఉండొచ్చు. డబ్బులు పడలేదని పంపే మామూలు స్క్రీన్‌షాట్ అయితే తెర పైన ఉన్న టైమూ, స్క్రీన్ మీద ఉన్న తేదీ చూడండి. చాలాసార్లు అది పాతది, ఇప్పుడు మళ్ళీ చూడమంటే మారి ఉంటుంది.

మళ్ళీ మీ మిర్చి రైతు దగ్గరికి. ఆయనకి ఈరోజే ఫోన్ చేయండి, మెసేజ్ పెట్టొద్దు. ఆకు అడుగువైపు ఉన్న సంగతి నేను గమనించలేదు, పొరపాటు నాది అని చెప్పండి. దాచిపెడితే ఆయన ఇక ఏ ఫోటో పంపరు, నేరుగా షాపుకి వెళ్తారు. కాగితం మీద పూలు దులిపి వీడియో పంపమనండి, ఆ వీడియో చూసే దాకా ఏ మందూ కొట్టొద్దనండి. ఒక విషయం మాత్రం మర్చిపోకండి. ఆయన ఆరు రోజుల కింద గంధకం కొట్టారు. ఇప్పుడు తామర పురుగు అంటే పక్కవాళ్ళెవరో వేపనూనె కొట్టమంటారు. గంధకం కొట్టిన రెండు వారాల లోపు నూనె పడితే ఆకులు మాడిపోతాయి. అది ముందే చెప్పాలి. వీడియోలో పురుగు కనపడితే నీలి రంగు జిగురు అట్టలు పెట్టించండి, ఇప్పుడు యూరియా పైపాటు వేయాలనుకుంటే ఆపమనండి, మందు పేరూ మోతాదూ వ్యవసాయ యూనివర్సిటీ సిఫార్సు చూసి రాసి పంపండి. ఇంతకు ముందు ఏం కొట్టారో అడిగి, అదే మందు మళ్ళీ రాకుండా చూడండి.

ఆయన పాత ఫోటో మీద ఎర్ర గీతతో ఆ ఉబ్బిన ఈనె చుట్టూ సున్నా చుట్టి, ఫోన్ పెట్టేశాక పంపండి. కింద ఈ వాయిస్ పెట్టండి: "బాబాయ్ గారూ, ఇక్కడ ఈనె ఉబ్బి ఉంది చూడండి, ఇది ఆకు అడుగు. ఈసారి ఆకు పంపేటప్పుడు రెండు వైపులా రెండు ఫోటోలు పంపండి, రాయక్కర్లేదు. రేపు పొద్దున ఎనిమిదింటికి నేనే చేలోకి వస్తాను."